Ø25 షాఫ్ట్‌కి -0.020, -0.041 అని ఇచ్చారు: గరిష్ఠం ఏది, కనిష్ఠం ఏది?

అప్రెంటిస్_టర్నర్
అందరికీ నమస్కారం. ఐటీఐ అయ్యాక ఒక చిన్న మెషిన్ షాపులో చేరాను. ఒక పంపు షాఫ్ట్ డ్రాయింగ్ ఇచ్చారు, మూడు చోట్ల డయామీటర్లున్నాయి. ఎడమ చివర Ø20 ±0.05. మధ్యలో బేరింగ్ కూర్చునే చోట Ø35, దాని పక్కన చిన్న అంకెల్లో పైన +0.018, కింద +0.002. కుడి చివర కంచు బుష్‌లో తిరిగే చోట Ø25, పైన -0.020, కింద -0.041.

Ø20 సంగతి తెలిసింది. 20.05, 19.95. మిగతా రెండు దగ్గరే ఆగిపోయాను. ప్లస్ మైనస్ అంటే ఒకటి కలిపి ఒకటి తీయాలి కదా, రెండూ మైనస్సే అయితే కలిపేది దేన్ని? షాపులో ఇద్దర్ని అడిగితే రెండు జవాబులొచ్చాయి. ఒకాయన Ø25 గరిష్ఠం 25.000, కనిష్ఠం 24.959 అన్నారు. ఇంకొకాయన 0.041 పెద్ద అంకె కాబట్టి గరిష్ఠం దాన్నుంచే వస్తుందన్నారు. ఇన్‌స్పెక్షన్ షీట్‌లో రెండు గళ్లు నింపాలి. ఎవరైనా సరిగ్గా చెప్పండి.

ఆటోనగర్_లేత్
తమ్ముడూ, దీనికంత ఆలోచనెందుకు. పైన రాసిన అంకె గరిష్ఠానికి, కింద రాసింది కనిష్ఠానికి. Ø25కి పైన -0.020 ఉంది కాబట్టి 24.980 గరిష్ఠం. కింద -0.041, అంటే 24.959 కనిష్ఠం. మీ ఇద్దరు సీనియర్లూ తప్పే చెప్పారు.

Ø35కి గరిష్ఠం 35.018. కనిష్ఠానికి ఎప్పుడూ తీసేయాలి కాబట్టి 35 లోంచి 0.002 తీస్తే 34.998. అయిపోయింది. నేను ఇరవై ఏళ్లుగా ఇలాగే చేస్తున్నా.

కొలతల_మాస్టారు
Ø25 సరిగ్గానే చెప్పారు. Ø35 కనిష్ఠం మాత్రం తప్పు. అక్కడ కింది అంకె ముందు ఉన్నది ప్లస్. కనిష్ఠానికి తీసేయాలనే నియమం ఎక్కడా లేదు. అంకె ముందు ఏ గుర్తుంటే ఆ పనే చేయాలి. ± ఉన్న చోట ఒకటి ప్లస్, ఒకటి మైనస్ కాబట్టి ఒకటి కలిపి ఒకటి తీస్తాం. అది చూసీ చూసీ అదే సూత్రమని మనసులో పడిపోతుంది.

```
Ø20 :  20 + 0.050 = 20.050     20 - 0.050 = 19.950
Ø35 :  35 + 0.018 = 35.018     35 + 0.002 = 35.002
Ø25 :  25 - 0.020 = 24.980     25 - 0.041 = 24.959
```

ఎడమ వరస గరిష్ఠం, కుడి వరస కనిష్ఠం. లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక మార్గం ఉంది. గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేయండి. Ø20కి 0.100, Ø35కి 0.016, Ø25కి 0.021 వస్తాయి. ఇవి డ్రాయింగ్‌లో రాసిన రెండు అంకెల మధ్య ఉన్న తేడాతో సరిపోవాలి. ఆటోనగర్ గారి 34.998 తీసుకుంటే Ø35కి తేడా 0.020 అవుతుంది. డ్రాయింగ్‌లో +0.018కీ +0.002కీ మధ్య ఉన్నది 0.016 మాత్రమే. అక్కడే పట్టుబడిపోతుంది.

0.041 పెద్ద అంకె కాబట్టి గరిష్ఠం అన్న ఆయన గుర్తును వదిలేసి అంకెను మాత్రమే చూశారు. 25లోంచి ఎక్కువ తీస్తే మిగిలేది తక్కువే కదా.

అప్రెంటిస్_టర్నర్
మాస్టారూ, ఇప్పుడు స్పష్టంగా ఉంది. కానీ Ø25 షాఫ్ట్‌లో 25.000 అనే సైజే రిజెక్ట్ అవుతుందన్నమాట! అలాంటప్పుడు 25 అని రాయడం దేనికి? 24.9695 ±0.0105 అని రాసేయొచ్చుగా?

కొలతల_మాస్టారు
రాయొచ్చు, లెక్క ప్రకారం రెండూ ఒకటే. కానీ మీ షాఫ్ట్ ఒంటరిగా ఉండదు, బుష్ ఉంది కదా. ఆ బుష్ రంధ్రం డ్రాయింగ్ చూడండి, చాలామటుకు Ø25, పైన +0.021, కింద 0 అని ఉంటుంది. అంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు. రెండింటికీ 25 అనే సంఖ్య ఉమ్మడిగా పెట్టి, అక్కడి నుంచి షాఫ్ట్‌ని ఎంత కిందికి దించారో, రంధ్రాన్ని ఎంత పైకి ఎత్తారో గుర్తుతో చెప్తారు. అసెంబ్లీ చూసేవాడికి 25లో 25 అని వెంటనే తెలిసిపోతుంది.

మీ షాఫ్ట్ అతిలావుగా, రంధ్రం అతిసన్నగా వచ్చిన సందర్భంలో సందు 25.000 - 24.980, అంటే 0.020. షాఫ్ట్ అతిసన్నగా, రంధ్రం అతిలావుగా వస్తే 25.021 - 24.959, అంటే 0.062. ఈ రెండింటి మధ్యే నూనె పొర నిలుస్తుంది. మీ సీనియర్ చెప్పినట్టు 25.000 సైజుతో షాఫ్ట్ ఇస్తే, 25.000 రంధ్రంలో సందు సున్నా. దూర్చడానికే సుత్తి కావాలి, దూరినా తిరుగుతుంటే పట్టేస్తుంది.

డ్రాయింగ్‌లో Ø25 పక్కన f7 అని కూడా ఉందేమో చూడండి. 18 నుంచి 30 మి.మీ. వరకు f7 అంటే ఇదే -0.020, -0.041. అలాగే 30 నుంచి 50 వరకు k6 అంటే +0.018, +0.002.

అప్రెంటిస్_టర్నర్
అవును, f7 ఉంది. Ø35 దగ్గర k6 కూడా ఉంది. అది అక్షర దోషమనుకుని పట్టించుకోలేదు 😀

ఆటోనగర్_లేత్
Ø35 విషయం ఒప్పుకోవాల్సిందే, తేడా 0.020 రావడం చూశాక మాట్లాడేదేముంది. అయితే ఆచరణలో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. మేం బేరింగ్ సీటు ఎప్పుడూ 35.01 చుట్టూనే వదులుతాం, ఎందుకంటే బేరింగ్ టైట్‌గా ఎక్కాలి. 34.998 వరకు ఎవడూ పోడు.

పంపు_రిపేరు
మీరు పోకపోవచ్చు, మా దగ్గరికి వచ్చే షాఫ్ట్‌లు పోతున్నాయి. Ø35లో వేసేది 6207 అయితే దాని లోపలి రంధ్రం 35.000 నుంచి 34.988 వరకు ఉంటుంది. సీటు 34.998, రంధ్రం 35.000 అయితే బేరింగ్ చేత్తోనే ఎక్కుతుంది. మిషన్ తిరిగేటప్పుడు లోపలి రింగు షాఫ్ట్ మీద మెల్లగా జారుతూ సీటును తినేస్తుంది. విప్పితే సీటు మీద తుప్పు రంగు పొడి, మెరుగు పెట్టినట్టున్న నున్నటి పట్టీ కనపడతాయి. అలాంటివి చూస్తే మొదట సీటు డయామీటర్ కొలుస్తాను. 35.002 కంటే తగ్గితే అక్కడే సంగతి తెలుస్తుంది.

క్రోమ్_పాలిష్
నాదీ దీనిలాంటి సమస్యే, అడుగుతున్నా. Ø25 షాఫ్ట్‌కి సైడ్‌కి 0.020 తగ్గించాలి అంటే డయా మీద 0.040 తగ్గుతుంది కదా. అంటే గరిష్ఠం 24.960 అవ్వాలి. మీరంతా 24.980 అంటున్నారు. ఎక్కడ తేడా వస్తోంది?

కొలతల_మాస్టారు
తేడా "సైడ్‌కి" అన్న మాటలో ఉంది. Ø గుర్తు పక్కన రాసిన ప్లస్ మైనస్ మొత్తం డయామీటర్‌కే. -0.020 అంటే డయామీటర్ 0.020 తగ్గాలి, ఒక్కో పక్క 0.010 చొప్పున. దాన్ని రెండింతలు చేయక్కర్లేదు, సగం చేయక్కర్లేదు. మైక్రోమీటర్‌తో కొలిచేదీ డయామీటరే కాబట్టి షీట్‌లో 24.980 అనే రాయాలి.

ఆటోనగర్_లేత్
ఇక్కడ ఒక మాట చెప్పాలి, సైడ్ గోల నాకు తెలుసు. మాన్యువల్ లేత్‌లో క్రాస్ స్లైడ్ డయల్ రెండు రకాలుంటుంది. కొన్నింట్లో డయల్ మీద ఒక గీత జరిపితే టూల్ అంత దూరం లోపలికి పోతుంది, డయా దానికి రెండింతలు తగ్గుతుంది. కొన్నింట్లో డయల్ డయా లెక్కనే చూపిస్తుంది. కొత్త మిషన్ మీదికి వెళ్లినవాడు ముందు ఒక తుక్కు ముక్క మీద డయల్ 0.10 జరిపి కట్ వేసి, ముందు ఎంత తర్వాత ఎంత అని కొలిస్తే తెలిసిపోతుంది. పరిమితులు సరిగ్గా లెక్కేసి కూడా ఇక్కడ షాఫ్ట్ పాడు చేసేవాళ్లున్నారు.

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్
లెక్క అయ్యింది కదా, ఇక సైజ్ ఎంతకి పెట్టుకుని కోయాలి అనేది అసలు ప్రశ్న. నేను మధ్యకి పెడతాను. 24.980, 24.959 కలిపి రెండుతో భాగిస్తే 24.9695, అంటే 24.970 అనుకోండి. మొదటి ముక్క 24.995 వచ్చిందనుకుందాం, 24.970 కావాలి, 0.025 తగ్గాలి. ఫానుక్‌లో వేర్ ఆఫ్‌సెట్ పేజీకి వెళ్లి ఆ టూల్ X దగ్గర `-0.025` కొట్టి `+INPUT` నొక్కాలి. కంగారులో `INPUT` నొక్కితే పాత విలువ పోయి -0.025 ఒక్కటే మిగులుతుంది. పాతదాంట్లో -0.060 ఉండుంటే -0.085 అవ్వాల్సింది -0.025కి వచ్చేస్తుంది, అంటే షాఫ్ట్ సన్నబడే బదులు ఇంకా లావుగా వస్తుంది.

ఆటోనగర్_లేత్
మధ్యకి పెట్టడం నాకు నచ్చదు. షాఫ్ట్ లావుగా ఉంటే తీయొచ్చు, తీశాక పెట్టలేం. పై పరిమితికి దగ్గరగా, 24.978 చుట్టూ వదిలితే తేడా వచ్చినా ఇంకో కట్ వేసుకోవచ్చు.

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్
ఒక్క షాఫ్ట్ చేసేటప్పుడు సరే. యాభై చేసేటప్పుడు టూల్ అరుగుతుంది, అరిగే కొద్దీ డయామీటర్ పెరుగుతూ పోతుంది. 24.978 దగ్గర మొదలుపెడితే కొద్ది ముక్కలకే 24.980 దాటుతుంది. అందుకే బ్యాచ్ పనిలో మధ్యకి కాస్త కిందే, 24.966 అలా మొదలుపెడతాను, పెరగడానికి చోటుండాలని. పైగా 24.984 వచ్చిన షాఫ్ట్ మీద 0.010 కట్ వేయడం అంత తేలిక కాదు. సైడ్‌కి 0.005 మాత్రమే లోతు, ఇన్సర్ట్ కోయకుండా రుద్దుతుంది. అప్పుడు ఎమరీ పేపర్ పట్టుకుంటారు, గుండ్రతనం పోతుంది.

ఆటోనగర్_లేత్
ఎమరీతో పది మైక్రాన్లు తీయడం చేతనైన పనే. అలవాటు లేనివాళ్లకి కష్టం.

కొలతల_మాస్టారు
ఇద్దరి మాటలోనూ అర్థముంది. మాన్యువల్ మీద ఒక్క ముక్క చేసేవాడికి పైన వదలడం రక్షణ. బ్యాచ్ కోసేవాడికి కింద మొదలుపెట్టడం రక్షణ. ఎమరీ విషయంలో మాత్రం నేను సీఎన్‌సీ వైపే.

అప్రెంటిస్ గారూ, మీరు దేనితో కొలుస్తున్నారు?

అప్రెంటిస్_టర్నర్
నా చేతికి ఇచ్చింది వెర్నియర్, లీస్ట్ కౌంట్ 0.02. మైక్రోమీటర్ క్వాలిటీ టేబుల్ మీదే ఉంటుంది.

కొలతల_మాస్టారు
మీ Ø25కి మొత్తం వెసులుబాటు 0.021. మీ వెర్నియర్‌లో ఒక్క గీతే 0.02. అంటే 24.96కీ 24.98కీ మధ్య ఆ వెర్నియర్‌కి చెప్పడానికి ఏమీ లేదు. Ø20 ±0.05కి అది సరిపోతుంది, Ø25కి, Ø35కి సరిపోదు. మైక్రోన్ చూపించే డిజిటల్ మైక్రోమీటర్ తీసుకోండి.

Ø25 దగ్గర ఒక చిక్కుంది. 24.980 కాబట్టి 0-25 మైక్రోమీటర్ పనికొస్తుంది, కానీ దాని చిట్టచివర కొలుస్తున్నారు. సున్నా దగ్గర చూసుకోవడం ఒక్కటే చాలదు, 25 మి.మీ. స్లిప్ గేజ్ పెట్టి అక్కడా సరిగ్గా చూపిస్తోందా అని చూడాలి. రఫ్ కటింగ్‌లో షాఫ్ట్ ఇంకా 25.3 ఉన్నప్పుడు ఆ మైక్రోమీటర్‌లోకి అది అసలు దూరదు, అప్పుడు 25-50ది కావాలి.

రెండో విషయం వేడి. ఇప్పుడే కోసిన షాఫ్ట్ 50 డిగ్రీలుంది, షాపు 30 డిగ్రీలు. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 25 మి.మీ. మీద 20 డిగ్రీలకి దాదాపు 0.006. వేడిలో 24.962 చదివితే ఓకే అనిపిస్తుంది, చల్లారాక అదే 24.956. కనిష్ఠం 24.959 కంటే కిందికి పోయింది. చెత్తబుట్టలోకే.

పంపు_రిపేరు
మరి డ్రాయింగ్ సైజులన్నీ 20 డిగ్రీల దగ్గర అంటారు కదా మాస్టారూ. మన షాపుల్లో ఎండాకాలం 38 ఉంటుంది. అప్పుడు ఏ షాఫ్ట్ ఓకే?

కొలతల_మాస్టారు
షాఫ్ట్ ఉక్కు, మైక్రోమీటర్ ఉక్కు, రెండూ చాలాసేపు ఒకే గదిలో ఉండి ఒకే వేడికి వచ్చాయంటే రెండూ దాదాపు సమానంగా పెరుగుతాయి, చదివేది చాలామటుకు సరిగ్గానే ఉంటుంది. ప్రమాదం రెండింటికీ తేడా ఉన్నప్పుడే. అల్యూమినియం షాఫ్ట్ అయితే ఈ మాట చెల్లదు, అది ఉక్కుకి దాదాపు రెండింతలు పెరుగుతుంది.

అప్రెంటిస్_టర్నర్
క్వాలిటీ టేబుల్ మీదికి వెళ్లి ఐదు షాఫ్ట్‌లు కొలిచాను. 24.972, 24.961, 24.984, 24.957, 24.979 వచ్చాయి. అన్నీ చల్లారినవే. నా లెక్క ప్రకారం మొదటిది, రెండోది, ఐదోది ఓకే. 24.984 పై పరిమితి దాటింది, 24.957 కింది పరిమితి దాటింది. సరేనా?

ఆటోనగర్_లేత్
సరే. 24.984ని వెనక్కి తెచ్చుకోవచ్చు. 24.957 పోయినట్టే, రెండు మైక్రాన్ల కోసం.

క్రోమ్_పాలిష్
పోయినట్టేమీ కాదు, హార్డ్ క్రోమ్ వేయించండి. నేను అడగబోయిందీ ఇదే. మా డ్రాయింగ్‌లో Ø25 -0.020 -0.041 ఇచ్చి, కింద "ప్లేటింగ్ తర్వాత" అని రాశారు. ప్లేటింగ్ మందం సైడ్‌కి 10 నుంచి 15 మైక్రాన్లు. మిషన్ మీద ఎంతకి కోయాలి?

కొలతల_మాస్టారు
ఇక్కడ సైడ్ లెక్క నిజంగా అవసరం. సైడ్‌కి 10 నుంచి 15 అంటే డయామీటర్ 0.020 నుంచి 0.030 పెరుగుతుంది. అతిమందంగా ప్లేటింగ్ పడినా 24.980 దాటకూడదు, కాబట్టి కోసే గరిష్ఠం 24.980 - 0.030 = 24.950. అతిపల్చగా పడినా 24.959కి తగ్గకూడదు, కాబట్టి కోసే కనిష్ఠం 24.959 - 0.020 = 24.939. మీ చేతిలో మిగిలేది 0.011 మాత్రమే. మిగతా పది మైక్రాన్లు ప్లేటింగ్ వాళ్లకి వెళ్లాయి. గరిష్ఠంలోంచి తక్కువ మందం తీసేసి 24.960 అని రాసుకునేవాళ్లుంటారు, ప్లేటింగ్ మందంగా పడ్డ రోజు షాఫ్ట్ 24.990కి వెళ్లి బుష్‌లో పట్టేస్తుంది.

అప్రెంటిస్ గారి 24.957కి క్రోమ్ వేయడం కుదరదు. దాని మీద అతిపల్చటి పొర పడినా 24.977, మందంగా పడితే 24.987. అదృష్టం మీద ఆధారపడాలి. పైగా డ్రాయింగ్‌లో ప్లేటింగ్ అడగలేదు.

పంపు_రిపేరు
నన్నడిగితే 24.957 కూడా తీసుకుంటాను. బుష్ 25.010 వచ్చిందనుకోండి, సందు 0.053, అనుమతించిన 0.062 లోపే ఉంది కదా. బుష్ చూసి జత కడితే సరిపోతుంది.

కొలతల_మాస్టారు
మీ రిపేరు బెంచ్ మీద షాఫ్ట్, బుష్ రెండూ ఎదురుగా ఉంటాయి, అక్కడ ఆ పని చేయొచ్చు. అప్రెంటిస్ గారి షాపు షాఫ్ట్ ఒక్కటే చేసి పంపుతోంది, అవతల ఏ బుష్‌లోకి వెళ్తుందో తెలీదు. అక్కడ 25.021 రంధ్రం ఉంటే సందు 0.064. పరిమితి అన్నాక ఒక మైక్రాన్ తగ్గినా తగ్గినట్టే. తీసుకోవాలంటే కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

సీఎన్‌సీ_నైట్‌షిఫ్ట్
ఒప్పుకుంటా మాస్టారూ, కానీ 24.959 అని చూపించిన ముక్క సంగతేంటి? మా మైక్రోమీటర్ తప్పే రెండు మైక్రాన్లు అటూ ఇటూ ఉంటుంది. స్క్రీన్ మీద 24.959 ఉన్నా అసలు సైజ్ 24.957 కావచ్చు.

కొలతల_మాస్టారు
ఐఎస్ఓ 14253-1 దీని గురించే. తయారుచేసేవాడు తన కొలత అనుమానాన్ని పరిమితుల్లోంచి లోపలికి తగ్గించుకుని ఓకే చెప్పాలంటుంది. మీది రెండు మైక్రాన్లయితే 24.961 నుంచి 24.978 వరకే ధైర్యంగా ఓకే. అప్పుడు అప్రెంటిస్ గారి 24.961 అంచు మీద, 24.979 అనుమానంలో పడతాయి. అయితే చాలా షాపులు ఇంత చేయవు, ఆర్డర్‌లో ఏం రాసుకున్నారన్నదే చూస్తాయి.

ఆటోనగర్_లేత్
అలా చేస్తే 0.021లోంచి నాలుగు మైక్రాన్లు పోయాయి. ఆ రేటుకి ఈ పని ఎవడు చేస్తాడు?

అప్రెంటిస్_టర్నర్
షీట్‌లో 24.980, 24.959 రాసి సంతకం చేశాను. ఆ 24.979 షాఫ్ట్‌ని పక్కన పెట్టాను, రేపు ఇన్‌చార్జ్ గారిని అడుగుతా. మా ఆర్డర్‌లో ఆ ఐఎస్ఓ మాట ఉందో లేదో ఆయన దగ్గరే ఉంటుంది.